ప్రాజెక్టు నగదు ప్రవాహాలలో వడ్డీని చేర్చకపోవడం: చరిత్ర

ఒక ప్రాజెక్టు లాభసాటిదా కాదా అని తేల్చడానికి దాని భవిష్యత్ నగదు ప్రవాహాలను భారిత సగటు మూలధన వ్యయంతో డిస్కౌంటు చేస్తారు. అలా చేసేటప్పుడు, ప్రాజెక్టు కోసం తెచ్చిన అప్పు మీద కట్టే వడ్డీని ప్రవాహంలోంచి తీసివేయరు. వడ్డీ నిజంగా చేతి నుంచి పోయే డబ్బే. అయినా దాన్ని వదిలేస్తారు, ఎందుకంటే అది అప్పటికే డిస్కౌంటు రేటులో కూర్చుని ఉంటుంది. ప్రవాహంలోనూ తీసేస్తే ఒకే వడ్డీని రెండుసార్లు వసూలు చేసినట్టవుతుంది. ఈ నియమం ప్రధానంగా 1938–1980 మధ్య అమెరికా విశ్వవిద్యాలయాలలో రూపుదిద్దుకుంది.

సూత్రం

ఏడాదిలో ముగిసిపోయే ఒక ఊహాత్మక ప్రాజెక్టును తీసుకుందాం. పెట్టుబడి ₹100 లక్షలు. అందులో ₹50 లక్షలు 10 శాతం వడ్డీకి తెచ్చిన అప్పు, మిగిలిన ₹50 లక్షలు వాటాదారుల సొమ్ము. వాటాదారులు ఆశించే రాబడి 16.5 శాతం, పన్ను రేటు 25 శాతం. వడ్డీ మీద పన్ను ఆదా అవుతుంది కాబట్టి అప్పు అసలు ఖర్చు 7.5 శాతమే. సగం సగం కలిపితే సగటు మూలధన వ్యయం సరిగ్గా 12 శాతం.

ఏడాది చివర ప్రాజెక్టు నుంచి పన్నుకు ముందు ₹116 లక్షలు వస్తాయి. యంత్రాల విలువ ₹100 లక్షలు పూర్తిగా తరుగుదల కింద పోతే లాభం ₹16 లక్షలు, వడ్డీని లెక్కలోకి తీసుకోకుండా పన్ను ₹4 లక్షలు, మిగిలే నగదు ₹112 లక్షలు. దీన్ని 12 శాతంతో డిస్కౌంటు చేస్తే ₹100 లక్షలు. పెట్టుబడీ అంతే కనుక నికర ప్రస్తుత విలువ సున్నా.

సున్నా అంటే ఎవరికీ ఏమీ దక్కలేదని కాదు. ఆ ₹112 లక్షలలోంచి అప్పు ఇచ్చినవారికి అసలు ₹50 లక్షలు, పన్ను ఆదా పోగా వడ్డీ ₹3.75 లక్షలు ఇస్తే ₹58.25 లక్షలు మిగులుతుంది. అది వాటాదారుల ₹50 లక్షల మీద 16.5 శాతం. అంటే 12 శాతం అనే రేటు ఇద్దరి బాకీనీ తీర్చాకే సున్నా చూపిస్తోంది. వడ్డీ ఎక్కడికీ పోలేదు, హారంలో ఉంది.

తొలి దశ

రేపటి డబ్బుకు ఈనాటి విలువ కట్టే పద్ధతి ఫిబొనాచ్చీ 1202 నాటి గణిత గ్రంథంలోనూ, సైమన్ స్టెవిన్ 1582లో అచ్చువేసిన వడ్డీ పట్టికలలోనూ కనిపిస్తుంది. తర్వాతి మూడు శతాబ్దాలలో ఇది ప్రధానంగా అప్పులు, వార్షికాల లెక్కకే ఉపయోగపడింది. అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1930లో వెలువరించిన గ్రంథం పెట్టుబడి నిర్ణయాన్ని మదుపుదారు సొంత ఖర్చుల అవసరం నుంచి విడదీసింది.

వడ్డీ ప్రశ్నను సూటిగా తాకినవాడు జాన్ బర్ విలియమ్స్. ఆయన 1938లో ప్రచురించిన పెట్టుబడి విలువ సిద్ధాంత గ్రంథంలో ఒక తేటైన ఊహ ఉంది. ఒక కంపెనీ బాండ్లన్నీ, షేర్లన్నీ ఒకే మనిషి చేతిలో ఉన్నాయనుకోండి. కంపెనీ అతనికి వడ్డీ పేరుతో ఇచ్చినా, డివిడెండు పేరుతో ఇచ్చినా చేరే మొత్తం ఒకటే. కాబట్టి సంస్థ విలువ ఆ మొత్తం మీద ఆధారపడుతుందే తప్ప దాని మీద అంటించిన పేర్ల మీద కాదు. వడ్డీని ఖర్చుగా కాక, సంపాదన పంపకంలో ఒక వాటాగా చూడడం ఇక్కడ స్పష్టమైంది.

డ్యూరాండ్ రెండు పద్ధతులు (1952)

విలియమ్స్ మాట వెంటనే వ్యాపార లెక్కల్లోకి దిగలేదు. అప్పుతో కట్టే ప్రాజెక్టుకు అప్పు వడ్డీయే గీటురాయి అనుకోవడం మామూలుగా ఉండేది. 1952లో డేవిడ్ డ్యూరాండ్ రుణ, ఈక్విటీ నిధుల ఖర్చుపై రాసిన పత్రం ఈ గందరగోళాన్ని రెండు పాయలుగా విడదీసి చూపింది.

మొదటి పద్ధతిలో వడ్డీ తీసేశాక మిగిలిన ఆదాయానికి విలువ కట్టి, దానికి అప్పు కలుపుతారు. రెండవ దానిలో వడ్డీకి ముందున్న నిర్వహణ ఆదాయానికే విలువ కట్టి, అందులోంచి అప్పు తీసివేస్తారు. మొదటి దానిలో రేటు వాటాదారులది. రెండవ దానిలో సంస్థ మొత్తానిది. తరువాతి తరం పాఠ్యపుస్తకాలలో స్థిరపడిన జత నియమానికి బీజం ఇదే: వడ్డీ తీసేసిన ప్రవాహానికి ఈక్విటీ రేటు, తీయని ప్రవాహానికి సగటు రేటు. ఈ జతలను అడ్డదిడ్డంగా కలపకూడదు.

మోడిగ్లియానీ, మిల్లర్ (1958)

పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పనిచేస్తున్న ఫ్రాంకో మోడిగ్లియానీ, మెర్టన్ మిల్లర్ 1958 జూన్‌లో అమెరికన్ ఎకనామిక్ రివ్యూలో ప్రచురించిన వ్యాసం ఈ చరిత్రలో కేంద్ర ఘట్టం. అందులో మూడు ప్రతిపాదనలు ఉన్నాయి. మొదటిది: పన్నులు, ఇతర అడ్డంకులు లేని మార్కెట్‌లో సంస్థ విలువ అప్పు–ఈక్విటీ నిష్పత్తిని బట్టి మారదు. రెండవది: అప్పు పెరిగేకొద్దీ వాటాదారుల రిస్కు పెరిగి, వాళ్లు అడిగే రాబడీ పెరుగుతుంది. మూడవది ప్రస్తుత విషయానికి నేరుగా సంబంధించినది: ప్రాజెక్టును ఏ సొమ్ముతో కట్టినా దాన్ని కొలిచే గీటురాయి రేటు మారదు.

ఈ వాదనను వివరించడానికి వారు పాడి రైతు ఉపమానం వాడారు. పాలమీది వెన్న తీసి విడిగా అమ్ముకుంటే ఆ వెన్నకు మంచి ధర వస్తుంది. కానీ వెన్న తీసిన పాలకు ధర తగ్గుతుంది. రెండూ కలిపితే మొదటి పాల ధరే. అప్పు ఇచ్చినవారి వడ్డీ వెన్న లాంటిది. దాన్ని తీసి పక్కన పెట్టాక మిగిలినదానికి మొత్తం పాల లెక్కతో ధర కట్టడమే నగదు ప్రవాహంలో వడ్డీని తీసేసి సగటు రేటు వాడేవాళ్లు చేసే పొరపాటు.

ఆ తర్వాతి ఏళ్లలో డ్యూరాండ్ సహా పలువురు ఈ వ్యాసపు ఊహలను గట్టిగా ప్రశ్నించారు. అయితే పెట్టుబడి నిర్ణయాన్నీ, దానికి డబ్బు తెచ్చే నిర్ణయాన్నీ వేర్వేరు మెట్ల మీద చూడాలన్న పద్ధతి మాత్రం నిలిచింది.

పన్ను సవరణ (1963)

1958 వ్యాసంలో పన్నుల లెక్క సరిగా కుదరలేదు. వడ్డీ వల్ల మిగిలే పన్నుకు వ్యాపారపు రిస్కుకు తగిన రేటుతోనే విలువ కట్టారు. అయిదేళ్ల తర్వాత, 1963 జూన్‌లో అదే పత్రికలో ఇద్దరూ కలిసి తమ తప్పును తామే దిద్దుకున్నారు. ఆ పన్ను ఆదా అప్పుతో పాటు నడిచేది కనుక దానికి అప్పు రేటు వాడాలన్నారు. అప్పటికి అమెరికాలో కార్పొరేట్ పన్ను 52 శాతం ఉండడంతో ఈ సవరణ చిన్నది కాలేదు.

దీనితో రెండవ ప్రశ్న పుట్టింది. వడ్డీని ప్రవాహంలో చూపకపోతే, వడ్డీ వల్ల ఆదా అయిన పన్నును ఎక్కడ చూపాలి? పాఠ్యపుస్తకాలు దాన్ని రేటులో పెట్టాయి. పై ఉదాహరణలో 10 శాతం 7.5 అయింది అందుకే. కాబట్టి ప్రవాహంలో పన్నును, అసలు అప్పే లేనట్టు, ₹4 లక్షలుగానే లెక్కిస్తారు. నిజానికి కంపెనీ వడ్డీ ₹5 లక్షలు తీసేసుకుని ₹2.75 లక్షలే కడుతుంది.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. నిజంగా కట్టిన పన్నును తీసుకుంటే ప్రవాహం ₹113.25 లక్షలు అవుతుంది. దాన్ని 12 శాతంతో డిస్కౌంటు చేస్తే ₹101.12 లక్షలు వచ్చి, లేని లాభం కనిపిస్తుంది. ఆ ప్రవాహానికి సరిపోయే రేటు పన్ను తగ్గించని సగటు, అంటే 13.25 శాతం. దానితో డిస్కౌంటు చేస్తే మళ్లీ ₹100 లక్షలే. ఈ ప్రవాహం, రేటు జతను రిచర్డ్ రూబాక్ 2002లో మూలధన నగదు ప్రవాహాల పద్ధతిగా ప్రచారంలోకి తెచ్చాడు.

తర్వాతి పరిణామాలు

1974లో స్టీవర్ట్ మైయర్స్ మరో దారి చూపాడు. ప్రాజెక్టుకు అప్పే లేదనుకుని ముందు విలువ కట్టి, అప్పు వల్ల వచ్చే ప్రయోజనాలను విడిగా లెక్కించి కలపాలన్నాడు. 1980లో జేమ్స్ మైల్స్, జాన్ ఎజెల్ సగటు రేటు పద్ధతి ఎప్పుడు చెల్లుతుందో నిర్ణయించారు: మార్కెట్ విలువలో అప్పు వాటా ప్రాజెక్టు పొడవునా స్థిరంగా ఉండాలి. మొదట 70 శాతం అప్పుతో మొదలై ఏటేటా తీరిపోయే రోడ్డు, విద్యుత్ ప్రాజెక్టులలో ఈ షరతు నిలవదు. అలాంటి చోట మైయర్స్ పద్ధతి మేలు.

భారతదేశంలో

ఆదాయపు పన్ను చట్టం 1961లోని సెక్షన్ 36(1)(iii) వ్యాపారం కోసం తెచ్చిన అప్పుపై వడ్డీని ఖర్చుగా అనుమతించింది. కాబట్టి పన్ను ఆదా వాదన ఇక్కడా వర్తిస్తుంది. ఇక్కడి ప్రాజెక్టు నివేదికలలో లెక్క తరచు పన్ను తర్వాతి లాభంతో మొదలవుతుంది. తప్పు చొరబడేది ఆ వరుసలోనే. మన ఉదాహరణలో వడ్డీ, పన్ను పోగా లాభం ₹8.25 లక్షలు. తరుగుదల కలిపితే ₹108.25 లక్షలు. దీన్నే 12 శాతంతో డిస్కౌంటు చేస్తే ₹96.65 లక్షలు వచ్చి, ప్రాజెక్టు ₹3.35 లక్షల నష్టంలో ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ నష్టం మరేదో కాదు, పన్ను ఆదా పోగా మిగిలే ₹3.75 లక్షల వడ్డీకి ఈనాటి విలువ. ఆ వడ్డీని తిరిగి కలిపితే మళ్లీ ₹112 లక్షలు వస్తుంది.

నిర్మాణ కాలపు వడ్డీది మరో చిక్కు. ఎంత సొమ్ము సమకూర్చుకోవాలో తేల్చడానికి దాన్ని ప్రాజెక్టు వ్యయంలో కలుపుతారు. అది సబబే. కానీ నికర ప్రస్తుత విలువ కట్టేటప్పుడు అదే వ్యయాన్ని పెట్టుబడిగా ఎత్తి రాస్తే వడ్డీ దొడ్డిదారిన లోపలికి వస్తుంది.

రాయితీ వడ్డీ ఒక మినహాయింపు. 2020లో మొదలైన వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద శీతల గిడ్డంగుల వంటివాటికి ₹2 కోట్ల వరకు రుణంపై ఏడేళ్ల దాకా 3 శాతం వడ్డీ రాయితీ కల్పించారు. గిడ్డంగి కట్టకపోతే ఆ రాయితీ రాదు కనుక అది ప్రాజెక్టు ప్రయోజనమే. అయినా దాన్ని మైయర్స్ చూపినట్టు విడిగా విలువ కట్టి కలుపుతారు తప్ప ప్రవాహంలో వడ్డీ వరుస తెరవరు.

తప్పు దొర్లిందో లేదో కనిపెట్టడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. లెక్కల షీట్‌లో అప్పు వాటాను మార్చి చూడాలి. డిస్కౌంటు రేటు మారవచ్చు, కానీ నగదు ప్రవాహపు వరుస కదలకూడదు. కదిలితే వడ్డీయో, దాని పన్ను ఆదాయో అందులో చేరినట్టే.

బ్యాంకుకు ఇచ్చే నివేదికలో మాత్రం రెండు పుటలు పక్కపక్కనే ఉంటాయి. అప్పు తీర్చే సామర్థ్యపు పుటలో వడ్డీని పైసా విడవకుండా రాస్తారు. నికర ప్రస్తుత విలువ పుటలో దానికి వరుసే ఉండదు.