మంజూరైన బిల్లుకు మళ్లీ మంజూరు అడిగిన ఉత్తరాలు

చిన్న కాంట్రాక్టరు ప్రభుత్వ శాఖకు రాసే బకాయి ఉత్తరం గురించి ఎవరు చెప్పినా కథ ఒకేలా నడుస్తుంది. పూర్వం అర్జీల రాతగాడు తాలూకా కచేరీ చెట్టు కింద కూర్చుని ‘మహాఘనత వహించిన’ అంటూ మొదలుపెట్టేవాడు. 1966లో అధికార భాషా చట్టం వచ్చాక ఉత్తరం తెలుగులోకి, మర్యాదైన వాడుక మాటల్లోకి దిగింది. కంప్యూటరు వచ్చాక పొట్టిదీ పదునైనదీ అయింది. ఇలా భాషా సంస్కరణనూ సాంకేతికతనూ ఉత్తరం మెరుగుకు కారణాలుగా చూపుతారు. ఈ కథలో అబద్ధం లేదు గాని అసలు సంగతీ లేదు. మారింది ఉత్తరం పైపూత. లోపలి అడుగుదల చాలాకాలం అలాగే ఉండిపోయింది, అదీ తప్పు అడుగుదల.

తొలి దశను త్వరగా దాటవచ్చు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ పిమ్మట రెండు మూడేళ్లకే ప్రభుత్వ పనుల శాఖ ప్రత్యేకంగా ఏర్పడింది. ఆ శాఖతోపాటు కొలతల పుస్తకం, అంటే నేటికీ అందరూ ‘ఎం-బుక్’ అనే పుస్తకం, రన్నింగ్ బిల్లు, ఫైనల్ బిల్లు వచ్చాయి. పని కొలిచేదీ, బిల్లు పాస్ చేసేదీ, చెక్కు రాసేదీ ఒకే డివిజన్ కార్యాలయం. బకాయి ఉత్తరాన్ని నిజాం ప్రాంతంలో దరఖాస్తు అన్నారు, ఇటు అర్జీ అన్నారు. రెండింటిలోనూ అడిగేది దయే. చెక్కు రాసే అధికారి ఎదుటే ఉన్నప్పుడు ఆయన దయను అడగడంలో కొంత అర్థం ఉంది.

అలాగని అప్పటి చట్టం దయ మీద నడిచిందనుకుంటే పొరపాటు. కంపెనీ పాలనలోనే, 1839లో, వడ్డీ చట్టం వచ్చింది. చెల్లింపు తేదీ ఒప్పందంలో రాసి లేని బాకీకి వడ్డీ కావాలంటే బాకీ ఉన్నవారికి రాతపూర్వకంగా డిమాండు పంపాలనీ, ఆ డిమాండు తేదీ నుంచి వడ్డీ కోరతామని అందులోనే తెలియజేయాలనీ అది చెప్పింది. అంటే ‘ఫలానా తేదీ నుంచి వడ్డీ కోరతాను’ అన్న ఒక్క వాక్యానికి చట్టం ఎప్పుడో విలువ కట్టింది. అర్జీలో మాత్రం ఆ వాక్యానికి చోటు దొరకలేదు. ఈ వెలితిని భాషకు అంటగట్టలేం. ఇంగ్లీషులో రాసినా, ఉర్దూలో రాసినా, తెలుగులో రాసినా మనవికి ఉన్న అచ్చు అదే, ఆ అచ్చులో వడ్డీ మాట ఇమడదు. పైగా రేపటి పని కూడా అదే కార్యాలయం నుంచి రావాలి.

ఆ వాక్యం లేకపోతే ఏమవుతుందో 1955లో సుప్రీంకోర్టు తీర్పు చూపింది. సేఠ్ థావర్‌దాస్ ఫేరుమల్ అనే కాంట్రాక్టరు కేంద్ర పనుల శాఖకు ఇటుకలు సరఫరా చేయడానికి ఒప్పుకున్నాడు. శాఖ సకాలంలో ఎత్తుకుపోకపోవడంతో లక్షల పచ్చి ఇటుకలు వానపాలయ్యాయి. మధ్యవర్తి వడ్డీ కూడా ఇప్పించాడు. సుప్రీంకోర్టు ఆ వడ్డీని కొట్టేసింది. 1839 చట్టం కోరే షరతుల్లో ఒక్కటీ ఇక్కడ లేదంటూ కోర్టు లెక్కపెట్టిన వాటిలో రాతపూర్వక డిమాండు ఒకటి. మధ్యవర్తుల అధికారం వరకు ఈ తీర్పు పట్టును తర్వాతి తీర్పులు సడలించాయి గనుక దీన్నే చివరి మాటగా చెప్పకూడదు. కానీ 1839 చట్టం స్థానంలో వచ్చిన 1978 వడ్డీ చట్టం కూడా రాతపూర్వక నోటీసు నియమాన్ని వదల్లేదు. చెల్లింపు తేదీ రాసి లేని బాకీకి, నోటీసులో చెప్పిన తేదీ నుంచే వడ్డీ లెక్క మొదలవుతుందన్నది.

అసలు మలుపు భాషలో రాలేదు, డబ్బు ఉండే చోటులో వచ్చింది. ఒకప్పుడు ఈఈ చెక్కు రాసేవాడు, అయితే ఎల్‌ఓసీ పరిమితి ఉన్నంత వరకే. ‘ఎల్‌ఓసీ రాలేదండీ’ అన్న మాట విని తిరిగొచ్చిన తరం ఇంకా ఉంది. తర్వాత పాస్ చేసే చేయి, చెల్లించే చేయి వేరయ్యాయి. బిల్లు డివిజన్‌లో పాసై పే అండ్ అకౌంట్స్ కార్యాలయానికి వెళుతుంది, అక్కడ టోకెన్ పడుతుంది, ఆపైన ఆర్థిక శాఖ నిధులు వదలాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో సీఎఫ్‌ఎంఎస్ వచ్చాక ఈ విభజన తెర మీదే కనిపిస్తోంది. ఇప్పుడు ఈఈని దయ అడగడమంటే, తాళంచెవి లేనివాడిని తలుపు తీయమనడమే. ఉత్తరం మెరుగుపడవలసిన అవసరం ఇక్కడ పుట్టింది. ఏ మెట్టు మీద ఆగిందో పేరు పెట్టి అడగని ఉత్తరానికి జవాబు చెప్పవలసినవాళ్లెవరూ లేకుండా పోయారు.

ఇక్కడ ఒక ఉత్తరాన్ని దగ్గరగా చూడాలి. ఊరూ పేరూ లేని ఉదాహరణే అయినా ఇందులోని మాటలు మండల కార్యాలయాల చుట్టూ తిరిగేవాళ్లందరికీ పరిచయమే. ఒక చిన్న కాంట్రాక్టరు గ్రామంలో సిమెంటు రోడ్డు వేశాడు. 2022 ఫిబ్రవరి 20న పని పూర్తయింది. ఏఈ ఎం-బుక్ రాశాడు, డీఈ చెక్ మెజర్‌మెంట్ చేశాడు, మార్చి 14న ఈఈ ఫైనల్ బిల్లు పాస్ చేశాడు. కోతలు పోగా రావలసింది 7,20,000 రూపాయలు. ఏడాది చూశాక అతను ఇలా రాశాడు: “అయ్యా, నేను రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి పని చేసితిని. భార్య మెడలో పుస్తెలు కూడా తాకట్టులో ఉన్నవి. కావున తమరు దయతలచి నా బిల్లును మంజూరు చేయవలసిందిగా ప్రార్థన.”

ఈ ఉత్తరం అబద్ధం కాదు. రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 14,400 రూపాయలు అతని ఇంట్లోంచి పోతున్నాయి. కానీ అతని పీకకు చుట్టుకున్నది ‘మంజూరు’ అన్న మాట. బిల్లు ఎప్పుడో మంజూరైంది. మళ్లీ మంజూరు చేయమనగానే కాగితం మీద ‘పరిశీలించి నివేదించండి’ అని రాసి ఏఈకి పంపే దారి తెరుచుకుంటుంది. కొలిచిన రోడ్డును మళ్లీ కొలుస్తారు. ఈలోపు కురిసిన వానలకు రోడ్డు అంచు కొంత విరిగి ఉంటే అదొక రిమార్కు అవుతుంది. అడగవలసింది చెల్లింపు. ఈ రెండు మాటల తేడా అప్పు బాధను వర్ణించిన పది వాక్యాలకన్నా ఎక్కువ పని చేస్తుంది.

అనుభవమున్న గుమస్తా చేతిలో ఇదే ఉత్తరం ఎలా మారుతుందో చూడండి. విషయం దగ్గర అగ్రిమెంటు నంబరు, ఎం-బుక్ నంబరు, పేజీలు, బిల్లు పాసైన తేదీ, టోకెన్ నంబరు చేరతాయి. అసలు భాగం నాలుగు వాక్యాలే: “పై పని తాలూకు ఫైనల్ బిల్లు 14-03-2022న పాసైనది. నికరంగా రావలసిన 7,20,000 రూపాయలు నేటికీ జమ కాలేదు. బిల్లు ఏ కార్యాలయంలో, ఏ కారణంగా ఆగి ఉన్నదో రాతపూర్వకంగా తెలుపగోరుతున్నాను. ఈ ఉత్తరం అందిన తేదీ నుంచి చెల్లింపు వరకు బాకీపై వడ్డీ కోరతానని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.” పుస్తెల మాట పోయింది. అది పోవడం చదివేవాడికి బాధే. కానీ ఫైలులో దానికి సంఖ్య లేదు, దాని మీద ఎవరూ ఉత్తర్వు రాయలేరు. ‘రెండు రూపాయలు’ కూడా తీసేయడం సరైనదే. 1978 చట్టం ప్రకారం వడ్డీ బ్యాంకు డిపాజిట్లకు ఇచ్చే గరిష్ఠ రేటు దాటకూడదు. దొరకని రేటు అడిగితే అసలు అడుగుదలే అతిశయంలా కనిపిస్తుంది.

నాలుగు వాక్యాల్లో ఎక్కువ విలువైనది మూడోది, జవాబు అడిగేది. కారణం కాలపరిమితి. చేసిన పనికి డబ్బు చెల్లించే తేదీ ఒప్పందంలో లేకపోతే, పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లలో దావా వేయాలి. ఈ ఉదాహరణలో జాగ్రత్తగా లెక్కిస్తే గడువు 2025 ఫిబ్రవరి 20. ఏటా ఒక రిమైండరు పంపుతూ ఉంటే గడువు పెరుగుతుందని చాలామంది నమ్మకం. పెరగదు. 2021లో బీఎస్‌ఎన్‌ఎల్, నోర్టెల్ కేసులో కూడా ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచినంత మాత్రాన కాలం ఆగదని సుప్రీంకోర్టు చెప్పింది. గడువును పెంచగలిగేది అవతలి సంతకం. బాకీ ఉన్న సంగతి ఒప్పుకుంటూ అధికారం ఉన్న అధికారి గడువు లోపల సంతకం చేసి జవాబిస్తే, 1963 కాలపరిమితి చట్టం 18వ సెక్షన్ కింద ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. ‘మీ బిల్లు 7,20,000 పీఏఓ వద్ద పెండింగ్‌లో ఉన్నది, నిధులు రాగానే చెల్లిస్తాము’ అని 2024 నవంబరులో వచ్చిన రెండు పంక్తులు 2027 నవంబరు దాకా కాపు కాస్తాయి. అవే పంక్తులు 2025 మార్చిలో వస్తే ఆ సెక్షన్ ఆదుకోదు.

నేటి ఉత్తరాల మీద ఫిర్యాదు ఇక్కడే. పొట్టిగా, శుభ్రంగా, టైపు చేసి వస్తున్నాయి. కానీ చాలా వాటిలో 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం నుంచి 45 రోజుల గడువు, బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ ఎత్తి రాస్తున్నారు. సరుకు అమ్మిన చిన్న సంస్థకు అది పనికొస్తుంది. రోడ్డు, భవనం వంటి పనుల కాంట్రాక్టుకు ఆ చట్టం వర్తించదని బొంబాయి, ఢిల్లీ హైకోర్టులు తీర్పులిచ్చాయి. ఒక ఉత్తరం నుంచి మరో ఉత్తరానికి కాపీ అయిన ఆ పంక్తి, ‘ఈ అభ్యర్థన చెల్లదు’ అని తేలిగ్గా జవాబిచ్చే వీలు కార్యాలయానికి ఇస్తోంది. గట్టిగా కనిపించే ఉత్తరాలన్నీ గట్టివి కావు.

తెర వల్ల ఇంకో నష్టం జరిగింది. గతంలో అడిగితే ఏదో ఒక ఎండార్స్‌మెంటు కాగితం చేతికొచ్చేది. ఇప్పుడు ‘సైట్‌లో చూసుకోండి’ అంటున్నారు. తెర మీద కనిపించే ‘పెండింగ్’ కింద ఎవరి సంతకమూ లేదు, దాన్ని బాకీ ఒప్పుకోలుగా నిలబెట్టడం కష్టం. అందుకే జాగ్రత్తపరులు ఉత్తరం ఇన్‌వార్డులో ఇచ్చి ముద్ర వేయించుకున్నాక, నెల ఆగి సమాచార హక్కు చట్టం కింద అదే ప్రశ్న మళ్లీ అడుగుతున్నారు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ జవాబు ఒప్పుకోలుగా నిలుస్తుందా అన్నది అందులోని మాటల మీద, సంతకం చేసినవారి అధికారం మీద ఆధారపడుతుంది. కాబట్టి అది ఈఈ జవాబుకు తోడుగా పనికొస్తుందే గాని బదులు కాదు.

ఉత్తరం ఒక్కటే డబ్బు రప్పిస్తుందని ఈ చరిత్ర చెప్పదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పథకం కింద జరిగిన పనుల బిల్లులు ఏళ్ల తరబడి ఆగితే, 2021 అక్టోబరులో హైకోర్టు 12 శాతం వడ్డీతో నాలుగు వారాల్లో చెల్లించమనవలసి వచ్చింది. కోర్టు దాకా వెళ్లలేనివాడికి ఉత్తరమే చివరి మెట్టు. వెళ్లేవాడికి అది మొదటి సాక్ష్యం.

పై ఉదాహరణలోని కాంట్రాక్టరుకు ఇంకో సంతకం మిగిలే ఉంటుంది. డబ్బు పడే ముందు ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న కాగితం ముందు పెడతారు. మెరుగులు దిద్దిన ఉత్తరంతో నిలబెట్టుకున్న వడ్డీ మాట ఆ కాగితంతో పోవచ్చు. అలవాటుపడ్డ పాత కాంట్రాక్టర్లు కొందరు సంతకం కింద తమ చేతిరాతతో ‘ఫలానా తేదీ ఉత్తరంలో కోరిన వడ్డీకి లోబడి’ అని ఒక పంక్తి రాస్తారు. గుమస్తా ఒప్పుకోకపోతే ఆ రోజే మరో ఉత్తరం ఇన్‌వార్డులో ఇచ్చి ముద్ర వేయించుకుంటారు.