సంక్షోభ ప్రకటన: లోపం బయటపడ్డాక కంపెనీలు చెప్పుకున్న మాటల చరిత్ర

సంక్షోభ ప్రకటన అంటే, అమ్మిన సరుకులో లోపం ఉందని తేలాక, ఆ సరుకు అప్పటికే జనం చేతుల్లోకి వెళ్లిపోయాక, కంపెనీ బహిరంగంగా ఇచ్చే వివరణ. అందులో మూడు విషయాలు ఉండాలన్నది నేటి ఆనవాయితీ: జరిగిందేమిటి, దానికి కంపెనీ చెప్పే క్షమాపణ, ఇక కొన్నవాళ్లు చేయాల్సింది. ఈ మూడూ ఒక్కరోజులో ఒకచోట చేరలేదు. చాలా కంపెనీలు చేతులు కాల్చుకున్నాకే ఒక్కొక్కటీ వచ్చి చేరింది.

మొదట చేరింది వాస్తవం. 1906 అక్టోబరు 28న అమెరికాలోని అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌కు చెందిన విద్యుత్ రైలు వంతెన మీద నుంచి నీళ్లలో పడిపోయి యాభై మందికి పైగా చనిపోయారు. ప్రమాదం జరిగితే విలేఖరులను దగ్గరికి రానివ్వకపోవడం ఆ రోజుల్లో రైల్వే కంపెనీల అలవాటు. ఆ కంపెనీ సలహాదారు ఐవీ లీ మాత్రం తామే వివరాలు రాసి పత్రికలకు పంచారు. న్యూయార్క్ టైమ్స్ ఆ కాగితాన్ని ఉన్నదున్నట్టు అచ్చేసింది. పాడైంది వస్తువు కాకపోయినా, కంపెనీ తన చేదు వార్తను తానే చెప్పుకోవడానికి ఇది తొలి ఉదాహరణల్లో ఒకటి.

ఈ చరిత్రలో అందరూ ముందుగా తలచుకునేది 1982 నాటి టైలెనాల్ ఉదంతం. షికాగో ప్రాంతంలో ఏడుగురు ఆ మాత్రలు మింగి చనిపోతే, జాన్సన్ అండ్ జాన్సన్ సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కి రప్పించింది. మేనేజ్‌మెంట్ పాఠాల్లో దీన్ని ఆదర్శంగా చెబుతారు. కానీ అక్కడ సైనైడ్ కలిపింది బయటివాళ్లు. కంపెనీ కూడా ఒక రకంగా బాధితురాలే. తన ఫ్యాక్టరీలో తానే చేసిన తప్పును జనం ముందు పెట్టడం అంతకంటే కష్టమైన పని. ఆ కష్టమేమిటో తెలియాలంటే 1994 చివర్లో ఇంటెల్ పడ్డ పాట్లు చూడాలి.

పెంటియం చిప్ 1993 మార్చిలో బజారులోకి వచ్చింది. భాగహారం వేగంగా చేయడానికి దానిలో ఒక పట్టిక పొందుపరిచారు. చిప్ ఆ పట్టికలో గడి చూసుకుని, జవాబులో తర్వాతి అంకెను ఎంచుకుంటుంది. రూపకల్పనలో జరిగిన పొరపాటు వల్ల, ‘2’ ఉండాల్సిన ఐదు గడుల్లో సున్నా చేరింది. కొన్ని ప్రత్యేకమైన సంఖ్యలను భాగించినప్పుడు మాత్రమే చిప్ ఆ గడుల జోలికి పోతుంది. అందుకే లోపం చాలాకాలం ఎవరి కంటా పడలేదు. ఒక ఉదాహరణ తర్వాత ప్రపంచమంతా తిరిగింది. 4195835ను 3145727తో భాగిస్తే 1.33382 రావాలి. లోపమున్న పెంటియం 1.33374 అని చూపేది. స్ప్రెడ్‌షీట్‌లో ఎవరైనా ఈ లెక్క వేసి చూసుకోవచ్చు:

```
=4195835-(4195835/3145727)*3145727
```

జవాబు సున్నా రావాలి. లోపమున్న చిప్‌లో 256 వచ్చేది.

ఇంటెల్ ఇంజినీర్లు 1994 వేసవిలోనే తమ పరీక్షల్లో ఈ తప్పు పట్టుకున్నారు. కొత్తగా తయారయ్యే చిప్‌లలో సరిదిద్దడానికి ఏర్పాట్లు చేసుకున్నారు గానీ, కొన్నవాళ్లకు ఒక్క మాటా చెప్పలేదు. అదే సమయంలో వర్జీనియాలోని లించ్‌బర్గ్ కాలేజీ గణిత ఆచార్యుడు థామస్ నైస్‌లీ ప్రధాన సంఖ్యల మీద పరిశోధన చేస్తూ తన లెక్కల్లో తేడా గమనించారు. తప్పు తన ప్రోగ్రాములో లేదని రూఢి చేసుకోవడానికే ఆయనకు నెలలు పట్టింది. ఇంటెల్‌ను అడిగితే తృప్తికరమైన జవాబు రాలేదు. అక్టోబరు 30న తెలిసినవారికి ఈమెయిల్ రాశారు. ఆ ఈమెయిల్ చేతులు మారి మారి, నవంబరు 22 నాటికి సీఎన్ఎన్ వార్తల్లోకి ఎక్కింది.

అప్పుడు ఇంటెల్ ఇచ్చిన వివరణను ఇలాంటి ప్రకటనలు రాసే పనిలోకి వచ్చే ప్రతివాళ్లూ ఒకసారి చదవాలి. యాదృచ్ఛికంగా తీసుకున్న 900 కోట్ల భాగహారాల్లో ఒక్కటే తప్పు వస్తుందని, మామూలు స్ప్రెడ్‌షీట్ వాడేవారికి అది 27,000 ఏళ్లకు ఒకసారి ఎదురవుతుందని కంపెనీ లెక్క కట్టింది. చిప్ మార్చి ఇస్తాం, కానీ ముందు మీ పనికి అంత కచ్చితమైన లెక్కలు అవసరమని మాకు చూపించాలి అని షరతు పెట్టింది. అంటే డబ్బిచ్చి కొన్నవాడు కంపెనీకి ఫోన్ చేసి, తన అర్హత తానే నిరూపించుకోవాలి. గణితం పరంగా ఇంటెల్ వాదన మరీ తీసిపారేయదగ్గదేమీ కాదు. కొన్నవాళ్లు అడిగిన ప్రశ్న అది కాదు, అంతే. తప్పు లెక్కలు వేస్తుందని తెలిసిన యంత్రానికి పూర్తి ధర ఎందుకివ్వాలన్నది వాళ్ల ప్రశ్న.

పైగా సంభావ్యత లెక్కలకు ఎప్పుడూ ఒక బలహీనత ఉంటుంది: ఊహలు మారిస్తే అంకె మారిపోతుంది. డిసెంబరు 12న ఐబీఎం అదే పని చేసింది. స్ప్రెడ్‌షీట్లలో వాడే సంఖ్యలు యాదృచ్ఛికమైనవి కావని, రోజుకు పావుగంట లెక్కలు చేయించేవారికి 24 రోజులకొక తప్పు రావచ్చని ప్రకటించి, పెంటియం కంప్యూటర్ల సరఫరా ఆపేసింది. ఐబీఎంకు సొంత పవర్‌పీసీ చిప్ ఉందన్న సంగతి మరిచిపోకూడదు. ఆ లెక్కలో పోటీదారు ఉత్సాహం కూడా కొంత ఉండే ఉంటుంది. అయినా 27,000 ఏళ్ల మాటను ఆ తర్వాత ఎవరూ నమ్మలేదు.

డిసెంబరు 20న ఇంటెల్ దిగివచ్చింది. కంపెనీ పెద్దలు ఆండీ గ్రోవ్, క్రెయిగ్ బారెట్, గోర్డన్ మూర్ ముగ్గురి సంతకాలతో పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటన వచ్చింది. లోపం సాంకేతికంగా చాలా చిన్నదన్న అభిప్రాయాన్ని అందులోనూ వదులుకోలేదు. క్షమాపణ చెప్పింది చిప్‌లోని తప్పుకు కాదు, వ్యవహారాన్ని తాము నడిపిన తీరుకు. అయితే షరతు మాత్రం పూర్తిగా ఎత్తేశారు. అడిగిన ప్రతివారికీ, కారణం చెప్పనక్కర్లేకుండా, ఆ కంప్యూటర్ వాడినంత కాలంలో ఎప్పుడైనా సరే ఉచితంగా చిప్ మారుస్తామన్నారు. ఫోన్ నంబరు కూడా ఇచ్చారు. గొడవను చల్లార్చింది ఆ చివరి రెండు వాక్యాలేనని చెప్పాలి. ఇళ్లలో వాడుకునేవాళ్లలో చిప్ మార్పించుకున్నవారు చివరికి కొద్దిమందే. కావాలంటే మార్చుకోవచ్చన్న హామీ చాలామందికి సరిపోయింది. ఇంటెల్ మాత్రం ఈ వ్యవహారం కింద 47.5 కోట్ల డాలర్లు ఖర్చు రాసుకుంది.

‘ఇప్పుడేం చేయాలి’ అన్న భాగం ఎలా ఉండాలో తెలుగువాళ్లు స్వయంగా చూసిన సందర్భం 2007 ఆగస్టులో వచ్చింది. జపాన్‌కు చెందిన మత్సుషిత తయారుచేసిన బీఎల్-5సీ బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టినప్పుడు షార్ట్ అయి వేడెక్కవచ్చని నోకియా ప్రకటించింది. మన ఊళ్లలో చాలామంది జేబుల్లో తిరిగిన నోకియా 1100లో ఉండేది ఈ మోడల్ బ్యాటరీయే. మొత్తం 30 కోట్ల బ్యాటరీల్లో అనుమానం ఉన్నవి 4.6 కోట్లు, 2005 డిసెంబరు, 2006 నవంబరు మధ్య తయారైనవి. ప్రపంచమంతటా వేడెక్కిన సంఘటనలు వందదాకా నమోదయ్యాయి. కంపెనీ చెప్పిన పద్ధతి ఇది: ఫోన్ వెనక మూత తీసి, బ్యాటరీ బయటికి లాగి, ముందువైపు బీఎల్-5సీ అని ఉందా చూసుకోవాలి. ఉంటే తిరగేసి వెనకున్న 26 అక్షరాల గుర్తింపు సంఖ్యను కంపెనీకి తెలియజేసి సరిచూసుకోవాలి. లోపమున్నదైతే ఉచితంగా కొత్తది ఇస్తామన్నారు. ఎవరి సరుకు ప్రమాదకరమో, ఎవరిది కాదో విడదీసి చెప్పే ఆ సంఖ్యే ఇలాంటి ప్రకటనకు ప్రాణం. అయితే కళ్లజోడు పెట్టుకున్నా కనిపించీ కనిపించని ఆ చిన్న అక్షరాలను వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోమనడం, ఇంటర్నెట్ లేని ఇళ్లకు చెప్పదగ్గ సలహా కాదు.

క్షమాపణ కథ వేరు. దాన్ని చాలాకాలం అడ్డుకున్నది అహంకారం కన్నా వకీళ్ల సలహా. తప్పయిందని రాసిస్తే, రేపు కోర్టులో అదే కాగితం సాక్ష్యమవుతుందని వాళ్ల భయం. 2008 ఆగస్టులో కెనడా మాంసాహార కంపెనీ మేపుల్ లీఫ్ ఫుడ్స్ ఆ భయాన్ని పక్కన పెట్టింది. టొరంటోలోని దాని ఫ్యాక్టరీలో తయారైన మాంసంలో లిస్టీరియా బ్యాక్టీరియా ఉన్నట్టు తేలింది. మొదట రెండు ఉత్పత్తులను వెనక్కి పిలిచారు. తర్వాత ఇరవైకి పైగా, చివరికి ఆ ఫ్యాక్టరీలో తయారైన దాదాపు 220 ఉత్పత్తులనూ రప్పించారు. అప్పటికే జనానికి సోకిన లిస్టీరియా వ్యాధికీ ఆ ఆహారానికీ సంబంధం ఉందని అధికారులు ధ్రువీకరించిన రోజే, ఆగస్టు 23న, కంపెనీ అధిపతి మైకేల్ మెక్‌కెయిన్ కెమెరా ముందుకొచ్చి బాధితులకు క్షమాపణ చెప్పారు. ప్రభుత్వ తనిఖీల మీదికి నెట్టకుండా బాధ్యత తమదేనన్నారు. ఈ వ్యవహారంలో లాయర్ల మాట, అకౌంటెంట్ల మాట వినలేదని కొద్దిరోజుల తర్వాత విలేఖరులతో అన్నారు. ఆ వ్యాధితో 22 మంది మరణించారు. బాధితులకు 2.7 కోట్ల కెనడా డాలర్ల వరకు చెల్లించేందుకు ఒప్పందం కుదిరింది.

ఆ క్షమాపణను ఎంత మెచ్చుకున్నా, దాని హద్దు కూడా చెప్పుకోవాలి. మాంసం ముక్కలు కోసే యంత్రాల లోపలి భాగాల్లో, రోజువారీ కడుగుడు అందని చోట బ్యాక్టీరియా తిష్ట వేసింది. ఫ్యాక్టరీలో అంతకుముందు నెలల్లోనే పరీక్షల్లో లిస్టీరియా పదేపదే కనిపించింది. కనిపించినప్పుడల్లా కడిగారే తప్ప, మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోందని ఆ ఫలితాలన్నీ వరుసగా పెట్టి చూడలేదు. 2009లో వచ్చిన స్వతంత్ర విచారణ నివేదిక ఈ విషయాన్ని ఎత్తిచూపింది.

వకీళ్ల భయానికి కెనడా రాష్ట్రాలు చట్టంతోనే మందు వేశాయి. బ్రిటిష్ కొలంబియా 2006లో, ఒంటారియో 2009లో తెచ్చిన చట్టాల ప్రకారం, క్షమాపణ చెప్పడాన్ని తప్పు ఒప్పుకున్నట్టు కోర్టులో చూపడానికి వీల్లేదు. భారతదేశంలో అలాంటి చట్టం లేదు. ఇక్కడి కంపెనీల ప్రకటనల్లో చింతిస్తున్నాం, అసౌకర్యానికి విచారిస్తున్నాం వంటి మాటలు ఎక్కువ కావడానికి అదీ ఒక కారణం కావచ్చు.

మన దగ్గర మారింది మూడో భాగం. 2020 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న వస్తువు వల్ల జరిగిన నష్టానికి తయారీదారును, కొన్ని సందర్భాల్లో అమ్మినవారిని కూడా బాధ్యులను చేసింది. ప్రమాదకరమైన సరుకును వెనక్కి రప్పించి డబ్బు తిరిగి ఇమ్మని ఆదేశించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు వచ్చింది. వాహనాల రీకాల్‌కు మోటారు వాహనాల చట్టంలో విడిగా సెక్షన్ చేర్చారు. కనుక మీరు వాడే వస్తువు గురించి ఇలాంటి ప్రకటన కనిపిస్తే క్షమాపణ వాక్యాల దగ్గర ఆగిపోకండి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీలు, ఎవరిని సంప్రదించాలి, ఏమిస్తారు అన్నవి వెతకండి. అవి లేకపోయినా, ఉండీ కంపెనీ స్పందించకపోయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు.