నాలుగో స్టేజీ వెనక మూడు అక్షరాలు

జనగామ, మానుకోటల నుంచి రైలెక్కి, రైలు లేని భూపాలపల్లి నుంచి బస్సెక్కి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చే కుటుంబాలు డాక్టర్‌ని ముందుగా అడిగేది ఒకటే: "ఎన్నో స్టేజీ సార్?" ఆ అంకెకు ముందు కేసు షీటులో మూడు అక్షరాలుంటాయి: టీ, ఎన్, ఎం.

పారిస్ పక్కనున్న విల్‌జ్విఫ్ క్యాన్సర్ సంస్థలో పియర్ డెన్వా అనే సర్జన్ 1943, 1952 మధ్య వీటిని రూపొందించారు. అప్పట్లో ఒక డాక్టర్ 'ముదిరింది' అంటే ఇంకొకరికి దాని అర్థం వేరు. అలాంటప్పుడు రెండు ఆసుపత్రుల ఫలితాలను పోల్చడం ఎలా? అందుకే ఆయన మూడు ప్రశ్నలను విడదీశారు. టీ అంటే గడ్డ ఎంత? ఎన్ అంటే బిళ్లలకు పాకిందా? ఎం అంటే దూరపు అవయవాలకు చేరిందా? అంతర్జాతీయ క్యాన్సర్ సమాఖ్య 1968లో దీన్ని జేబు పుస్తకంగా అచ్చువేసింది.

గడ్డకు నాలుగు మెట్లు, బిళ్లలకు నాలుగు, దూరానికి రెండు అనుకున్నా 32 కలయికలవుతాయి. దాదాపు ఒకే భవిష్యత్తు ఉన్నవాటిని ఒక గూటిలో చేర్చితే వచ్చినవే నాలుగు స్టేజీలు. మూడింటినీ కూడితే వచ్చే మొత్తం కాదది. ఆ చిక్కు నోటి క్యాన్సర్‌లో బాగా తెలుస్తుంది.

గుట్కా నమిలే ఇద్దరికి చెంప లోపల పుండు లేచిందనుకుందాం. ఒకరిది మూడున్నర సెంటీమీటర్లు, లోతు 8 మిల్లీమీటర్లు, మెడలో బిళ్లలు లేవు: రెండో స్టేజీ. రెండోవారి పుండు ఒకటిన్నర సెంటీమీటర్లే, లోతు 4 మిల్లీమీటర్లు. కానీ అదే వైపు మెడలో రెండు సెంటీమీటర్ల బిళ్ల ఒకటుంది. పుండు చిన్నదైనా మూడో స్టేజీ.

బిళ్ల చేతికి తగిలినంత మాత్రాన అది క్యాన్సరే అని తేలిపోదు. పుచ్చిన పన్నుకీ మెడలో బిళ్ల కడుతుంది. అనుమానం ఉంటే సూది పరీక్షలో క్యాన్సర్ కణాలున్నాయేమో చూస్తారు. అలాగే ఛాతీ స్కాన్‌లో మచ్చ కనబడగానే ఎం వేసేయరు. అది పాత టీబీ గుర్తు కావచ్చు.

ఆపరేషన్ తర్వాత లెక్క మళ్లీ మారొచ్చు. రెండోవారి బిళ్లను మైక్రోస్కోపు కింద చూస్తే క్యాన్సర్ దాని పొరను చీల్చుకుని బయటికి వచ్చినట్టు తేలిందనుకోండి. 2017లో వచ్చిన ఆ జేబు పుస్తకం ఎనిమిదో కూర్పు ప్రకారం అది నాలుగు-ఏ స్టేజీ. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు, అయినా నాలుగే! ఊళ్లో 'ఒళ్లంతా పాకిందట' అనేస్తారు. నిజానికి నోటి క్యాన్సర్‌లో దూరానికి పాకినది నాలుగు-సీ. నాలుగు-ఏకి ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్, అవసరమైతే దాంతోపాటు కీమో ఇచ్చి నయం చేయాలనే చూస్తారు.

రెండేళ్లకు జబ్బు తిరగబెట్టి ఊపిరితిత్తులకు చేరినా, పాత కాగితంలోని నాలుగు-ఏని కొట్టేయరు. కొత్త సంగతిని దాని కిందే విడిగా రాస్తారు.