ఒక్కో షేరుపై ఆర్జన (ఈపీఎస్), దాని పలుచన: చరిత్ర

కంపెనీ నికర లాభంలోంచి ప్రిఫరెన్స్ డివిడెండు తీసేసి, మిగిలినదాన్ని ఆ ఏడాది సగటున ఉన్న ఈక్విటీ షేర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఒక్కో షేరుపై ఆర్జన. మార్కెట్‌లో దీన్ని ఈపీఎస్ అంటారు. ఈ సగటులో కాలానికీ లెక్క ఉంటుంది. 10 లక్షల షేర్లున్న కంపెనీ ఏడాది మధ్యలో మరో 2 లక్షలు జారీచేస్తే, ఆ డబ్బు కంపెనీలో ఆరు నెలలే పనిచేసింది కాబట్టి 11 లక్షలతోనే భాగిస్తారు. బోనస్ షేర్ల సంగతి వేరు. వాటివల్ల కంపెనీకి పైసా రాదు కనుక, అవి ముందునుంచీ ఉన్నట్టే లెక్కగట్టి పాత సంవత్సరాల ఈపీఎస్‌నూ సవరిస్తారు.

ఇక్కడివరకూ చిక్కేమీ లేదు. చిక్కంతా ఇంకా షేర్లు కాని, రేపు షేర్లు కాగల పత్రాలతోనే. కన్వర్టిబుల్ డిబెంచర్లు, కన్వర్టిబుల్ ప్రిఫరెన్స్ షేర్లు, వారంట్లు, ఉద్యోగుల స్టాక్ ఆప్షన్లు ఈ కోవలోవి. ఇవి షేర్లుగా మారితే అదే లాభాన్ని ఎక్కువమంది పంచుకోవాలి, ఒక్కో షేరు వంతు తగ్గుతుంది. దీన్నే పలుచన అంటారు.

వారంట్లూ మార్పిడి హక్కులూ ఉన్న కంపెనీలో పైకి కనిపించే ఈపీఎస్‌ను ఉన్నదున్నట్టు నమ్మకూడదని బెంజమిన్ గ్రాహం, డేవిడ్ డాడ్ 1934లోనే తమ ‘సెక్యూరిటీ అనాలిసిస్’లో హెచ్చరించారు. 1958లో అమెరికన్ అకౌంటెంట్ల సంస్థ ఈపీఎస్‌పై ఒక బులెటిన్ వెలువరించింది. లాభనష్టాల ఖాతాలో ఈపీఎస్ చూపడం మాత్రం అప్పటికింకా తప్పనిసరి కాలేదు.

అసలు కథ 1960ల కాంగ్లామరేట్లతో మొదలవుతుంది. ఒకదానితో ఒకటి సంబంధంలేని వ్యాపారాలను వరసగా కొనేస్తూ పెరిగిన కంపెనీలివి. జేమ్స్ లింగ్ నడిపిన ఎల్‌టీవీ 1967లో మాంసం వ్యాపారంలోని విల్సన్ కంపెనీని, మరుసటి ఏడాది జోన్స్ అండ్ లాఫ్లిన్ స్టీల్‌లో నియంత్రణ వాటాను చేజిక్కించుకుంది. సాల్ స్టైన్‌బర్గ్ స్థాపించిన లీస్కో 1968లో తనకన్నా ఎంతో పెద్దదైన రిలయన్స్ ఇన్సూరెన్స్‌ను సొంతం చేసుకుంది. రిలయన్స్ వాటాదారుల చేతిలో పెట్టింది కన్వర్టిబుల్ ప్రిఫరెన్స్ షేర్లు, వారంట్లు. నగదుకు బదులు ఇలాంటి కాగితాలు ఇవ్వడం ఆ రోజుల్లో ఎందుకంత లాభసాటి అయిందో ఒక ఊహాలెక్కతో చూడవచ్చు.

ఒక కంపెనీ లాభం 10 లక్షల డాలర్లు, షేర్లు 10 లక్షలు అనుకుందాం. ఈపీఎస్ 1 డాలరు, మార్కెట్‌లో షేరు ధర 30 డాలర్లు. అంతే లాభం తెస్తున్న మరో కంపెనీని అది కోటి డాలర్లకు కొంటుంది. ధరను కొత్త షేర్లతో చెల్లిస్తే 3.33 లక్షల షేర్లు ఇవ్వాలి. అప్పుడు 20 లక్షల లాభానికి 13.33 లక్షల షేర్లు, ఈపీఎస్ 1.50 డాలర్లు. వ్యాపారం రెండుచోట్లా ఎక్కడిదక్కడే ఉంది, ఒక్క బోల్టు కూడా అదనంగా తయారు కాలేదు. అయినా ఈపీఎస్ సగం పెరిగింది. ఖరీదైన షేరుతో చవక లాభాన్ని కొన్నందువల్ల వచ్చిన పెరుగుదల ఇది.

షేర్లకు బదులు 5 శాతం వడ్డీతో కోటి డాలర్ల కన్వర్టిబుల్ డిబెంచర్లు ఇస్తే ఫలితం ఇంకా ఘనంగా కనిపిస్తుంది. వడ్డీ 5 లక్షలు. పన్ను సగమనుకుంటే లాభంపై పడే భారం 2.5 లక్షలే. మిగిలిన 17.5 లక్షలను పాత 10 లక్షల షేర్లతోనే భాగిస్తారు కాబట్టి ఈపీఎస్ 1.75 డాలర్లు. ఆ డిబెంచర్లను 40 డాలర్లకు ఒక షేరు చొప్పున మార్చుకోవచ్చనుకుంటే, మరో 2.5 లక్షల షేర్లు తెర వెనక సిద్ధంగా ఉన్నట్టే. మార్పిడి జరిగినట్టు భావిస్తే వడ్డీ భారం తొలగి లాభం తిరిగి 20 లక్షలవుతుంది, షేర్లు 12.5 లక్షలవుతాయి, ఈపీఎస్ 1.60 డాలర్లకు దిగుతుంది. ఆ 15 సెంట్ల తేడా ఇన్వెస్టరుకు కనిపించేది కాదు.

అమెరికాలోని అకౌంటింగ్ ప్రిన్సిపుల్స్ బోర్డు దీనికి రెండు విడతల్లో స్పందించింది. విలువలో అధికభాగం మార్పిడి హక్కునుంచే వచ్చే పత్రాలను షేర్ల కిందే జమకట్టాలని 1966 డిసెంబరు నాటి 9వ అభిప్రాయంలో చెప్పింది. 1969 మేలో వచ్చిన 15వ అభిప్రాయం ఈపీఎస్‌ను లాభనష్టాల ఖాతాలోనే చూపాలని శాసించి, రెండు అంకెలు కోరింది: ‘ప్రైమరీ’, ‘ఫుల్లీ డైల్యూటెడ్’. షేరుతో సమానమనిపించే పత్రాలను మొదటిదానిలోనే కలపాలి. సమానమో కాదో తేల్చడానికి ఒక గీటురాయి పెట్టింది. జారీ నాటికి పత్రంపై వచ్చే నగదు రాబడి బ్యాంకుల ప్రైమ్ రేటులో మూడింట రెండు వంతులకన్నా తక్కువైతే అది షేరుతో సమానం. అంత తక్కువ వడ్డీకి ఒప్పుకున్నాడంటే కొన్నవాడి కన్ను షేరు మీదే ఉందన్నది దీని వెనకున్న తర్కం.

తర్కం బాగుంది, కొలబద్ద నిలకడైనది కాదు. 1969 జూన్‌లో ప్రైమ్ రేటు 8.5 శాతం, అందులో మూడింట రెండు వంతులు 5.67. పైన చెప్పిన 5 శాతం డిబెంచరు అప్పుడు జారీ అయితే ప్రైమరీ లెక్కలో చేరి 1.60 చూపేది. 1972 మొదట్లో ప్రైమ్ రేటు 5 శాతం దరిదాపులకు పడిపోయింది. అదే డిబెంచరు అప్పుడు జారీ అయితే ప్రైమరీ లెక్కకు బయటే ఉండి 1.75 చూపేది. పైగా జారీనాడు వేసిన ముద్ర ఆ తర్వాత మారదు. ఈ ఒక్క అభిప్రాయాన్ని వివరించడానికి వందకు పైగా ప్రశ్నోత్తరాలు ప్రచురించాల్సి వచ్చింది. 1980ల మొదట్లో ప్రైమ్ రేటు 20 శాతం దాటినప్పుడు గీటురాయి పూర్తిగా గతితప్పింది. 1982లో దాని స్థానంలో కార్పొరేట్ బాండ్ల రాబడిని పెట్టారు.

వారంట్లకూ ఆప్షన్లకూ 15వ అభిప్రాయం ఇచ్చిన ‘ట్రెజరీ స్టాక్’ పద్ధతి మాత్రం చక్కని ఆలోచన. నేటికీ నిలిచింది. లక్ష ఆప్షన్లను 20 డాలర్ల చొప్పున వాడుకోవచ్చు, షేరు సగటు ధర 25 డాలర్లు అనుకుందాం. అందరూ వాడుకుంటే కంపెనీకి 20 లక్షల డాలర్లు వస్తాయి. ఆ డబ్బుతో మార్కెట్‌లో 80 వేల షేర్లు తిరిగి కొనవచ్చు. అంటే ఉత్తపుణ్యానికి పోయేవి 20 వేలు మాత్రమే, వాటినే షేర్ల సంఖ్యకు కలుపుతారు. ధర 20 కన్నా తక్కువుంటే కలపాల్సినదేమీ ఉండదు.

1997లో అమెరికా 128వ ప్రమాణం, అంతర్జాతీయ ఐఏఎస్ 33 ఒకే ఆలోచనతో వచ్చాయి. ‘ప్రైమరీ’ రద్దయింది. పలుచన ఊసే లేని బేసిక్ ఈపీఎస్ ఒకటి, పలుచన అంతా కలిపిన డైల్యూటెడ్ ఈపీఎస్ మరొకటి మిగిలాయి. షేరు ధర ఒక స్థాయి దాటితేనే మార్చుకోవచ్చన్న షరతుతో బాండ్లు జారీచేసి డైల్యూటెడ్ లెక్కను తప్పించుకునే దారిని అమెరికాలో 2004లో మూసేశారు. మన దేశంలో 2001 ఏప్రిల్ నుంచి ఏఎస్ 20, పెద్ద కంపెనీలకు 2016 ఏప్రిల్ నుంచి ఇండ్ ఏఎస్ 33 ఇదే చట్రంలో నడుస్తున్నాయి.

ఈ చట్రానికీ ఒక పరిమితి ఉంది. షేర్లు పెరిగితే ఒక్కో షేరుపై నష్టం తగ్గినట్టు కనిపిస్తుంది కనుక, నష్టాల్లో ఉన్న కంపెనీ ఆప్షన్లనూ మార్పిడి పత్రాలనూ డైల్యూటెడ్ లెక్కలో కలపకూడదు. అందుకే కోట్లకొద్దీ ఆప్షన్లు పంచిన కొత్తతరం కంపెనీల ఫలితాల పట్టికలో బేసిక్, డైల్యూటెడ్ వరసల్లో ఒకే నష్టం కనిపిస్తుంది. పలుచన లేదని దాని అర్థం కాదు. లెక్కలో కలపని ఆ పత్రాల వివరం ఈపీఎస్ నోటులో ఉంటుంది. కంపెనీ లాభాల్లోకి వచ్చిన ఏడాదే వాటిలో పలుచన తెచ్చేవి ఒక్కసారిగా డైల్యూటెడ్ లెక్కలో చేరతాయి.