నెలవారీ ఖాతా స్టేట్‌మెంట్ ఈమెయిల్

సరఫరాదారు తన లెడ్జర్ ప్రకారం కొనుగోలుదారు బాకీని నెలాఖరున తెలియజేస్తూ, ఇద్దరి లెక్కల మధ్య తేడాకు కారణాలు చూపే లేఖ ఇది. పుదుచ్చేరిలోని మూలకుళం నుంచి యానాంకు సరుకు పంపే వ్యాపారిని ఉదాహరణగా తీసుకుందాం. రెండూ ఒకే కేంద్రపాలిత ప్రాంతం కాబట్టి ఇన్‌వాయిస్‌పై ఐజీఎస్టీ ఉండదు. కానీ దారి 800 కిలోమీటర్ల పైమాటే, అందుకే నెలాఖరు సరుకు తరచూ ఇంకా లారీలోనే ఉంటుంది.

మూలకుళం లెడ్జర్‌లో బాకీ రూ. 4,80,000, యానాం లెడ్జర్‌లో రూ. 3,50,000 అనుకుందాం. తేడా రూ. 1,30,000. ఇందులో రూ. 82,000 దారిలో ఉన్న సరుకు ఇన్‌వాయిస్. యానాంలో ఇంకా నమోదు కాలేదు. రూ. 18,000 పాడైన సరుకుకు కొనుగోలుదారు రాసుకున్న డెబిట్ నోట్. దాన్ని ఒప్పుకుంటే సరఫరాదారు క్రెడిట్ నోట్ ఇవ్వాలి. జీఎస్టీ బాధ్యత తగ్గేది దానితోనే.

మిగిలిన రూ. 30,000 జత కుదరని చెల్లింపు. డబ్బు బ్యాంకులో పడింది, కానీ పంపినవారి పేరు పోల్చుకోలేక గుమాస్తా సస్పెన్స్ ఖాతాలో వేశాడు. అందుకే ఈమెయిల్‌లో తేదీ, మొత్తం, యూటీఆర్ నంబరు రాసి, ఏ ఇన్‌వాయిస్‌కు చెల్లించారో అడగాలి. జవాబు రాకముందే పాత బిల్లుకు సర్దేయడం తప్పు: వివాదంలో ఉన్న బిల్లు తీరిపోయినట్టు కనిపిస్తుంది. సర్దుబాట్లన్నీ అయ్యాక రెండు వైపులా రూ. 4,32,000 రావాలి. మొత్తాలు కలిసినా బిల్లువారీగా చూడాలి, రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పేసి ఉండవచ్చు.