సేఫ్ మోడ్ (ప్లేస్టేషన్)

సోనీ సంస్థ ప్లేస్టేషన్ కన్సోళ్లు మామూలుగా మొదలుకానప్పుడు, అప్‌డేట్ సగంలో ఆగిపోయినప్పుడు తెరుచుకునే మరమ్మతు మెనూను సేఫ్ మోడ్ అంటారు. ఆటలు, స్టోరు, స్నేహితుల జాబితా వంటివేవీ ఇందులో కనిపించవు. నల్లని తెర మీద కొన్ని వరుసలు మాత్రమే ఉంటాయి. ఇంటర్నెట్‌తో పని లేకుండా, పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన ఫైలుతో సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించే వీలు ఈ మెనూలో అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడేది.

తొలి దశ

కార్ట్రిడ్జ్‌ల కాలంలో కన్సోల్‌లోని సాఫ్ట్‌వేర్ ఫ్యాక్టరీలో చిప్‌లోకి ఎక్కిందే చివరిది కాబట్టి దాన్ని మార్చే ప్రసక్తే లేదు. 2004 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన చేతి కన్సోల్ పీఎస్‌పీతో పరిస్థితి మారింది. దాని అప్‌డేట్‌ను ఇంటర్నెట్ నుంచి నేరుగా తీసుకోవచ్చు, ఆట డిస్క్ నుంచి ఎక్కించవచ్చు, లేదా కంప్యూటర్‌లో దించుకుని మెమరీ స్టిక్‌లో నిర్ణీత ఫోల్డర్‌లో పెట్టవచ్చు. నిర్ణీత ఫోల్డర్, నిర్ణీత ఫైలు పేరు అనే పద్ధతి ఇక్కడి నుంచే తరువాతి కన్సోళ్లకు వచ్చింది.

ప్లేస్టేషన్ 3

2006 నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 3లో PS3 అనే ఫోల్డర్, దానిలో UPDATE అనే ఫోల్డర్, అందులో PS3UPDAT.PUP అనే ఫైలు ఉండాలి. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండాలి. కన్సోల్ ఆపి ఉన్నప్పుడు పవర్ బటన్‌ను వదలకుండా పట్టుకుంటే మొదట అది మళ్లీ ఆగిపోతుంది. రెండోసారి అలాగే పట్టుకుంటే చివరికి వెంటవెంటనే రెండు బీప్‌లు వినిపించి ఆరు వరుసల మెనూ వస్తుంది.

ఇలాంటి మెనూ అవసరం రెండు సంఘటనల్లో తెలిసింది. 2008 జులై 2న విడుదలైన 2.40 వెర్షన్ ట్రోఫీలను, ఆట మధ్యలో మెనూ తెరిచే వీలును తెచ్చింది. కొన్ని కన్సోళ్లు దాని తరువాత మొదలుకాకపోవడంతో సోనీ దాన్ని వెనక్కి తీసుకుని, జులై 8న 2.41ని ఇచ్చింది. ఐదేళ్ల తరువాత, 2013 జూన్‌లో, 4.45 వెర్షన్‌తో మళ్లీ అదే జరిగింది. దాన్ని కూడా ఆపివేసి, అదే నెలలో 4.46ను విడుదల చేశారు. కన్సోల్ తన మామూలు తెర దాకా రాలేకపోతే ఇంటర్నెట్ అప్‌డేట్ దానికి చేరే దారి లేదు. 2013లో సరిచేసిన వెర్షన్‌ను కంప్యూటర్‌లో దించుకుని, పెన్‌డ్రైవ్‌లో పెట్టి, సేఫ్ మోడ్ నుంచి ఎక్కించడమే దారి అయింది. తయారీదారు పంపిన అప్‌డేటే కన్సోల్‌ను ఆపేస్తే, దాన్ని సర్వీస్ సెంటర్‌కు పంపకుండా ఇంట్లోనే బాగుచేసుకునే మార్గం వినియోగదారు చేతికి వచ్చిందన్నది ఇక్కడ గమనించదగ్గ విషయం.

ప్లేస్టేషన్ 4

ప్లేస్టేషన్ 4 అమెరికాలో 2013 నవంబరు 15న, భారతదేశంలో 2014 జనవరి 6న విడుదలైంది. పెట్టెలోంచి తీసిన కన్సోల్‌తో డిస్క్ ఆటలు ఆడవచ్చు గానీ, ఆన్‌లైన్ సౌకర్యాలకు, బ్లూ-రే సినిమాలకు మొదటి రోజే 1.50 వెర్షన్ ఎక్కించాలి. ఆ ఫైలు సుమారు 300 ఎంబీ. నెట్ సరిగా లేనివారి కోసం సోనీ దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించే రూపంలోనూ ఇచ్చింది. ఆ తరువాత వచ్చిన వెర్షన్లన్నిటికీ ఈ ఏర్పాటు కొనసాగింది.

ఇక్కడ సేఫ్ మోడ్‌లోకి వెళ్లడం ప్లేస్టేషన్ 3 కన్నా తేలిక. కన్సోల్ పూర్తిగా ఆపి ఉండాలి. నారింజ రంగు దీపం వెలుగుతుంటే అది రెస్ట్ మోడ్, అప్పుడు కుదరదు. పవర్ బటన్ నొక్కగానే ఒక బీప్, పట్టుకునే ఉంటే సుమారు ఏడు సెకన్లకు రెండో బీప్ వస్తాయి. రెండోది వినగానే వదలాలి. అప్పుడు తెర కంట్రోలర్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి పీఎస్ బటన్ నొక్కమంటుంది. ఈ దశలో వైర్‌లెస్ కలయిక పనిచేయదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కారణం తరచుగా కేబులే: చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే చౌక కేబుల్ సమాచారాన్ని మోయదు. కంట్రోలర్ చార్జ్ అవుతూనే ఉంటుంది, మెనూలో మాత్రం కదలిక ఉండదు. ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి ఫోటోలు తీసుకోగలిగిన కేబుల్ అయితే ఇక్కడ కూడా పనిచేస్తుంది.

మెనూలో ఏడు వరుసలు ఉంటాయి. వీటి అమరికలో మంచి క్రమం ఉంది. మొదటిది కన్సోల్‌ను తిరిగి మొదలుపెడుతుంది, రెండోది తెర రిజల్యూషన్ మారుస్తుంది, మూడోది Update System Software, నాలుగోది సెట్టింగులను మొదటి స్థితికి తెస్తుంది, ఐదోది Rebuild Database. ఈ ఐదింటిలో ఏదీ ఆటలను, సేవ్ చేసిన ఆట స్థితిని చెరపదు. డేటాబేస్ తిరిగి కట్టడానికి మాత్రం డిస్క్‌లో ఉన్న సరుకును బట్టి గంటలు పట్టవచ్చు. ఆరు, ఏడు వరుసలు అన్నిటినీ చెరిపేస్తాయి. ఆరోది ఉన్న సాఫ్ట్‌వేర్‌ను ఉంచి మిగతాది తుడుస్తుంది. ఏడోది, Initialize PS4 (Reinstall System Software), సాఫ్ట్‌వేర్‌ను కూడా తీసి మళ్లీ ఎక్కిస్తుంది. అందువల్ల పైనుంచి కిందికి వరుసగా ప్రయత్నించడమే సరైన పద్ధతి. ఆట స్థితిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకునే వీలు సేఫ్ మోడ్‌లో లేదు. అది మామూలు తెర పనిచేస్తున్నప్పుడే, లేదా చందా ఉంటే క్లౌడ్‌లో, ముందే చేసి ఉండాలి.

రెండు ఫైళ్లు, ఒకే పేరు

అప్‌డేట్ కోసం పెన్‌డ్రైవ్‌లో ఫైలు ఉండాల్సిన చోటు ఇది:

```
PS4/UPDATE/PS4UPDATE.PUP
```

ఫోల్డర్ పేర్లు, ఫైలు పేరు పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 లేదా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉండాలి. విండోస్ కంప్యూటర్లలో మామూలైన ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను కన్సోల్ చదవదు. ఫైలును ఒకసారి దించి ఉన్నవారు మళ్లీ దించితే బ్రౌజర్ దాని పేరు చివర (1) చేర్చేస్తుంది. ఆ పేరుతో ఉన్న ఫైలు కన్సోల్‌కు కనబడదు.

అసలు చిక్కు వేరు. సోనీ ఒకే వెర్షన్‌కు రెండు వేర్వేరు ఫైళ్లను ఇస్తుంది. ఒకటి మూడో వరుసకు పనికొచ్చే అప్‌డేట్ ఫైలు, ఇది 500 ఎంబీకి అటూ ఇటూ ఉంటుంది. రెండోది ఏడో వరుసకు కావలసిన పూర్తి ఫైలు, సుమారు 1 జీబీ. రెండింటికీ పేరు PS4UPDATE.PUP అనే ఉంటుంది. పేరు చూసి తేడా కనిపెట్టలేం, పరిమాణం చూడాలి.

రెండు ఫైళ్లు ఎందుకన్నదానికి జవాబు కన్సోల్ నిర్మాణంలో ఉంది. మదర్‌బోర్డు మీది చిన్న ఫ్లాష్ చిప్‌లో కన్సోల్‌ను మొదలుపెట్టి సేఫ్ మోడ్ దాకా తెచ్చే భాగం ఉంటుంది. సిస్టమ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ భాగం హార్డ్ డిస్క్‌లో ఉంటుంది. చిన్న ఫైలు డిస్క్‌లో ఉన్నదాన్ని పాత వెర్షన్ నుంచి కొత్తదానికి తెస్తుంది. డిస్క్‌లో ఏమీ లేకపోతే అది తెచ్చేదేమీ లేదు, పూర్తి ఫైలే కావాలి.

దీన్ని ఒక ఉదాహరణతో చూడవచ్చు. 500 జీబీ డిస్క్ ఉన్న ప్లేస్టేషన్ 4 అప్‌డేట్ మధ్యలో ఆగి, ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోనే తెరుచుకుంటోంది అనుకుందాం. మొదట చిన్న ఫైలుతో మూడో వరుస ప్రయత్నించాలి. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైలు మాత్రమే చెడి ఉంటే పని ఇక్కడితో పూర్తవుతుంది, ఆటలన్నీ ఉంటాయి. అది మళ్లీ అదే చోట ఆగితే ఐదో వరుస. అదీ ఆగిపోయి, తెర మీద CE-34335-8 కనిపిస్తే కన్సోల్ తన హార్డ్ డిస్క్‌నే అందుకోలేకపోతోందని అర్థం. డిస్క్‌ను తీసి సరిగా అమర్చినా కోడ్ పోకపోతే ఏ ఫైలూ దాన్ని బాగుచేయదు, డిస్క్ మార్చాలి. సోనీ దీన్ని నిషేధించలేదు. 2.5 అంగుళాల సాటా డిస్క్, మందం 9.5 మిల్లీమీటర్లకు మించకుండా, 160 జీబీకి తగ్గకుండా ఉంటే చాలు. కొత్త 1 టీబీ డిస్క్ బిగించి మొదలుపెడితే SU-41333-4 అనే కోడ్‌తో, ఫలానా వెర్షన్ లేదా అంతకన్నా కొత్తదాని పూర్తి ఫైలు ఉన్న యూఎస్‌బీ పరికరాన్ని కలపమని తెర అడుగుతుంది. ఇది లోపం కాదు, ఖాళీ డిస్క్‌కు రావాల్సిన సందేశమే. ఇక్కడ చిన్న ఫైలు ఇస్తే పని జరగదు. పెద్దదాన్ని పెట్టి ఏడో వరుసను ఎంచుకుంటే కన్సోల్ డిస్క్‌ను ఫార్మాట్ చేసి, సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుని, కొత్తదానిలా తెరుచుకుంటుంది.

ఆ సందేశంలోని వెర్షన్ సంఖ్యకు ఒక కారణం ఉంది. ఫ్లాష్ చిప్‌లో ఉన్న వెర్షన్ కన్నా పాతదాన్ని కన్సోల్ తీసుకోదు. ఎప్పుడో దాచుకున్న పాత ఫైలుతో కొత్త కన్సోల్‌ను వెనక్కి తీసుకెళ్లలేం. ఫైలు మీద సోనీ డిజిటల్ సంతకం ఉంటుంది కాబట్టి దించేటప్పుడు సగంలో తెగినా, ఎవరైనా మార్చినా అది కూడా తిరస్కరణకు గురవుతుంది.

ఇతర కన్సోళ్లు

మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌లో ఇదే పని $SystemUpdate అనే ఫోల్డర్‌తో జరుగుతుంది. పెన్‌డ్రైవ్ మాత్రం ప్లేస్టేషన్ చదవని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనే ఉండాలి. నింటెండో స్విచ్‌లో మరమ్మతు మెనూ ఉంది గానీ, పెన్‌డ్రైవ్ అప్‌డేట్ మార్గాన్ని సంస్థ ఇవ్వలేదు.

ప్లేస్టేషన్ 5

2020 నవంబరులో విడుదలై 2021 ఫిబ్రవరి 2న భారతదేశానికి వచ్చిన ప్లేస్టేషన్ 5 అదే మెనూను, అదే ఏడు సెకన్ల పద్ధతిని కొనసాగించింది. ఫోల్డర్ పేరు PS5గా, ఫైలు పేరు PS5UPDATE.PUPగా మారాయి. డేటాబేస్ వరుసకు క్యాష్ తుడిచే పని కూడా చేరింది. ముఖ్యమైన తేడా నిల్వలో ఉంది. దీని ప్రధాన ఎస్‌ఎస్‌డీ చిప్‌లను మదర్‌బోర్డుకే అతికించారు. 2021 సెప్టెంబరు అప్‌డేట్‌తో తెరుచుకున్న అదనపు ఎం.2 స్లాట్ ఆటల కోసమే, సిస్టమ్ సాఫ్ట్‌వేర్ అందులోకి వెళ్లదు. అందువల్ల ప్లేస్టేషన్ 5లో పెన్‌డ్రైవ్ చెడిన సాఫ్ట్‌వేర్‌ను బాగుచేయగలదు గానీ, చెడిన ప్రధాన నిల్వను మార్చుకునే దారి వినియోగదారుకు లేదు. అప్పుడు కన్సోల్ సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి.