ఒక్క బిడ్డ, నాలుగు దశలు

ఫ్రెంచి శరీరశాస్త్రవేత్త క్లోద్ బెర్నార్ 1865లో అచ్చయిన తన ప్రయోగాత్మక వైద్య గ్రంథంలో ఒక శాస్త్రజ్ఞుడి సంగతి చెప్పాడు. నానా దేశాల వాళ్లు వచ్చిపోయే రైల్వే స్టేషన్ మూత్రశాల నుంచి మూత్రం పట్టి, సగటు యూరోపియన్ మూత్రం ఎలా ఉంటుందో తేల్చేశానని ఆయన సంబరపడ్డాడట. సగటు మనిషిని నమ్ముకున్న వైద్యం మీద బెర్నార్ విసిరిన చెణుకు అది.

సగటును వదిలి ఒక్కొక్కరినే ఎలా పరిశీలించాలన్న, ఆ చెణుకులో దాగిన ప్రశ్నకు ప్రయోగశాలలో జవాబు దొరకడానికి చాలా కాలం పట్టింది. మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఎలుకలనూ పావురాలనూ గుంపులుగా కాక ఒక్కొక్కదాన్నే పట్టుకుని, దాని ప్రవర్తనను పదేపదే కొలిచాడు. పోలిక పక్క జంతువుతో కాదు, అదే జంతువు నిన్నటి తీరుతో. ఈ పద్ధతి వెనక తర్కమేమిటో ముర్రే సిడ్మన్ 1960లో ఒక పుస్తకంగా రాశాడు.

అది బడిలోకి వచ్చిన తీరు తెలియాలంటే సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు నర్సరీ బడికి వెళ్లాలి. ఐలీన్ ఆలెన్, మాంట్రోజ్ వుల్ఫ్, వారి సహచరులు 1964లో ప్రచురించిన వ్యాసంలో నాలుగేళ్లు దాటిన ఒక పాప ఉంది. ఆమెను వాళ్లు ఆన్ అని పిలిచారు. తెలివైన పిల్లే, కానీ తోటి పిల్లలతో కలవదు. టీచర్ల చుట్టూ తిరుగుతుంది, లేదా ఒంటరిగా ఉంటుంది.

మొదటి అయిదు రోజులు ఎవరూ ఏమీ మార్చలేదు. పరిశీలకులు పది సెకన్లకోసారి ఆన్ ఎవరితో ఉందో రాసుకున్నారు, అంతే. ఇదే బేస్‌లైన్. పిల్లలతో గడిపిన సమయం పది శాతానికి కాస్త పైన, పెద్దలతో నలభై శాతం. ఈ ఓపిక ఎందుకంటే, ఏమీ చేయకపోతే రేపు ఎలా ఉంటుందో ఊహించడానికి వేరే ఆధారం లేదు. ఆ అయిదు రోజుల్లోనే గ్రాఫులో గీత పైకి పాకుతూ ఉంటే, ఆ తర్వాత ఏం చేసినా ఆ ఘనత ఎవరిదో చెప్పలేం.

ఆరో రోజు నుంచి టీచర్లు తమ శ్రద్ధ దారి మళ్లించారు. ఆన్ పిల్లలతో ఆడుతుంటే ఆ గుంపు దగ్గరికి వచ్చి పలకరించారు. ఒంటరిగా ఉన్నా, తమ దగ్గరికి వచ్చినా అంతగా పట్టించుకోలేదు. మొదటి రోజే పిల్లలతో గడిపిన సమయం అరవై శాతం దాకా వెళ్లింది.

చాలామంది ఇక్కడే ఆగి సంతోషిస్తారు. కానీ ఆ రోజే కొత్త నేస్తం దొరికిందేమో, బెరుకు దానంతటదే పోయిందేమో! అందుకే పన్నెండో రోజు నుంచి అయిదు రోజులు పద్ధతిని తలకిందులు చేశారు. ఒంటరిగా ఉన్నప్పుడు, పెద్దల దగ్గరికి వచ్చినప్పుడే శ్రద్ధ. పిల్లలతో గడిపే సమయం ఇరవై శాతం లోపుకి పడిపోయింది. పదిహేడో రోజు మళ్లీ మొదటి దారి పట్టగానే గీత లేచింది. మూడుసార్లు మీట తిప్పితే మూడుసార్లూ ప్రవర్తన వెంట నడిచింది. కాకతాళీయం అనడానికి ఇక చోటు తక్కువ. తర్వాత శ్రద్ధను మెల్లగా మామూలు స్థాయికి తగ్గించి, యాభై ఒకటో రోజు దాకా అప్పుడప్పుడూ చూశారు. ఆన్ పిల్లలతోనే ఉంది.

అయినా బాగుపడుతున్న బిడ్డను కావాలని వెనక్కి నెట్టడం ఏ తల్లికి నచ్చుతుంది? పైగా చదవడం నేర్చుకున్న పిల్లవాడు, బోధన ఆపినంత మాత్రాన అక్షరాలు మరిచిపోడు. అక్కడ తిప్పడానికి మీటే లేదు.

దీనికి ఉపాయాన్ని 1968లో డొనాల్డ్ బేర్, వుల్ఫ్, టాడ్ రిస్లీ తమ వ్యాసంలో చెప్పారు. అదే మల్టిపుల్ బేస్‌లైన్. వెనక్కి తీయకుండా, వేర్వేరు ప్రవర్తనలకు వేర్వేరు రోజుల్లో మొదలుపెట్టడం. వాన్స్ హాల్ బృందం 1970లో ప్రచురించిన ఉదాహరణలో పరిశోధకురాలు ఒక తల్లి. పదేళ్ల కూతురి క్లారినెట్ సాధన, బాలికల సంఘం పని, పుస్తక పఠనం మూడింటినీ రోజూ నిమిషాల్లో కొలిచింది. ముందు క్లారినెట్‌కే నియమం: అరగంటకు ఎన్ని నిమిషాలు తగ్గితే అన్ని నిమిషాలు ముందుగా పడుకోవాలి. సాధన పెరిగింది, మిగతా రెండూ కదల్లేదు. తర్వాత రెండోదానికి, ఆపైన మూడోదానికి అదే నియమం. దేని వంతు వచ్చినప్పుడు అది లేచింది. దీని బలహీనతా ఇక్కడే ఉంది: క్లారినెట్ క్రమశిక్షణ చదువుకూ అంటుకుని అది ముందే పెరిగి ఉంటే, అమ్మాయికి మంచిదే, రుజువు మాత్రం చెడిపోయేది.

చాలాకాలం గీతను కంటితో చూసి తీర్పు చెప్పేవారు. ఒకే గీత ఇద్దరికి రెండు రకాలుగా కనిపించడమే తంటా. 2010లో అమెరికా విద్యాశాఖకు చెందిన వాట్ వర్క్స్ క్లియరింగ్‌హౌస్ కొలమానాలు పెట్టింది. ఫలితం మూడు వేర్వేరు సమయాల్లో కనిపించాలి, వెనక్కి తీసే పద్ధతిలో కనీసం నాలుగు దశలుండాలి, దశకు అయిదు కొలతలైతే పూర్తి మార్కులు, రెండో పరిశీలకుడు కనీసం అయిదో వంతు కొలతలను సరిచూడాలి. దశల లెక్క వరకు చూస్తే, ఆన్ మీద 1964లో చేసిన ప్రయోగం ఈ పరీక్ష నెగ్గుతుంది.